లాచ్‌కీ ఫ్లిప్ ఫ్లాప్‌కీ తేడా ఏంటి? పరీక్ష ముందు రాత్రి వంశీ అడిగిన ప్రశ్నలు

ఎస్‌టీఎల్‌డీ, అంటే స్విచింగ్ థియరీ అండ్ లాజిక్ డిజైన్ పరీక్షకి ముందు రోజు రాత్రి పదిన్నరకి మా రూమ్మేట్ వంశీ పుస్తకం మూసి, "మామా, నాకు సీక్వెన్షియల్ సర్క్యూట్స్ యూనిట్ మొత్తం వచ్చు, లాచ్‌కీ ఫ్లిప్ ఫ్లాప్‌కీ తేడా ఒక్కటే రాలేదు" అన్నాడు. రెండూ ఒక్క బిట్‌ని గుర్తుంచుకునే సర్క్యూట్లే, వాటి తేడా రాకపోతే ఆ యూనిట్ రానట్టే అని నాకు తెలుసు. కానీ అప్పుడు ఆ మాట అంటే వాడికి టెన్షన్ పెరుగుతుందని అనలేదు. ఒంటిగంట దాకా వాడు అడుగుతూనే ఉన్నాడు, నేను చెబుతూనే ఉన్నాను. కొన్నిచోట్ల వాడే నాకు చెప్పాడు. ఆ తర్వాత జూనియర్లు కూడా దాదాపు ఇవే అడుగుతుంటే, ఆ రాత్రి మాటల్ని గుర్తున్నంతవరకు ఇక్కడ రాసిపెట్టాను.

లాచ్‌కి క్లాక్ ఉండదు, ఫ్లిప్ ఫ్లాప్‌కి ఉంటుంది. అంతే కదా?

"మిడ్ ఎగ్జామ్‌లో నేను అదే రాశాను, సగం మార్కులే వచ్చాయి" అన్నాడు వంశీ.

సగం వచ్చినందుకు సంతోషించాలి. ఆ వాక్యం ఎస్ఆర్ లాచ్ దగ్గర సరిపోతుంది. రెండు నార్ గేట్లు ఒకదాని అవుట్‌పుట్ ఇంకోదానికి ఇచ్చి కలిపితే అదే ఎస్ఆర్ లాచ్. ఎస్‌కి 1 ఇస్తే అవుట్‌పుట్ క్యూ 1 అవుతుంది, ఆర్‌కి 1 ఇస్తే 0 అవుతుంది, రెండూ 0 ఉంటే పాత విలువే ఉంటుంది. అక్కడ క్లాక్ లేదు, నిజమే. కానీ డి లాచ్‌కి ఎనేబుల్ అనే కాలు ఉంటుంది. ఆ కాలికి నువ్వు క్లాక్ సిగ్నల్ తగిలిస్తే ఎవరూ ఆపరు. తగిలించినంత మాత్రాన అది ఫ్లిప్ ఫ్లాప్ అయిపోదు, క్లాక్ తగిలించిన లాచ్ అవుతుంది.

కాబట్టి క్లాక్ ఉందా లేదా అని చూడొద్దు. ఆ సిగ్నల్‌లో ఏ భాగానికి అది స్పందిస్తుందో చూడు. ఎనేబుల్ 1లో ఉన్నంతసేపూ లాచ్ ఇన్‌పుట్‌ని అవుట్‌పుట్‌కి వదులుతూనే ఉంటుంది. ఫ్లిప్ ఫ్లాప్ మాత్రం క్లాక్ 0 నుంచి 1కి మారే ఆ క్షణంలోనే ఇన్‌పుట్ చూస్తుంది. తర్వాత క్లాక్ ఎంతసేపు 1లో ఉన్నా పట్టించుకోదు. మొదటిదాన్ని లెవెల్ ట్రిగ్గర్డ్ అంటారు, రెండోదాన్ని ఎడ్జ్ ట్రిగ్గర్డ్ అంటారు. కొన్ని ఫ్లిప్ ఫ్లాప్‌లు 1 నుంచి 0కి పడే అంచు మీద పనిచేస్తాయి. మాట అదే, అంచు వేరు.

"వదులుతూనే ఉంటుంది" అంటే సరిగ్గా ఏం జరుగుతుంది?

దీనికి నేను ఏదో తలుపు పోలిక చెప్పబోతుంటే వంశీ అడ్డుపడ్డాడు. వాళ్లది మెదక్ దగ్గర పల్లెటూరు. "మా చెరువు తూము లాంటిదా? షట్టర్ ఎత్తితే చెరువులో నీళ్లు ఎలా ఉంటే అలా కాలువలోకి వస్తాయి. బురద నీళ్లుంటే బురద, తేట నీళ్లుంటే తేట. షట్టర్ దించితే ఆగిపోతాయి."

సరిగ్గా అదే. డి ఇన్‌పుట్ చెరువు, క్యూ కాలువ, ఎనేబుల్ షట్టర్. షట్టర్ ఎత్తి ఉన్నప్పుడు డి ఎన్నిసార్లు మారితే క్యూ అన్నిసార్లు మారుతుంది. అందుకే దీన్ని ట్రాన్స్‌పరెంట్ లాచ్ అని కూడా అంటారు. మధ్యలో ఏదీ లేనట్టే ఉంటుంది కదా.

"కానీ షట్టర్ దించాక కాలువలో నీళ్లు కాసేపటికి ఇంకిపోతాయి. క్యూలో విలువ ఇంకదా?" అన్నాడు.

మంచి ప్రశ్న. పోలిక అక్కడ ఆగిపోతుంది. లాచ్‌లో క్యూ తిరిగి గేట్ల గుండా తన దగ్గరికే వచ్చి, తన విలువని తనే నిలబెట్టుకుంటుంది. కరెంట్ ఉన్నంతసేపూ ఇంకదు. కరెంట్ పోతే మాత్రం మొత్తం పోతుంది, మళ్లీ వచ్చినప్పుడు 0తో లేస్తుందో 1తో లేస్తుందో చెప్పలేం.

మరి ఫ్లిప్ ఫ్లాప్ ఒక్క క్షణంలో ఎలా చూస్తుంది? లోపల ఏముంది?

లోపల రెండు లాచ్‌లే ఉన్నాయి. ఈ మాట వినగానే వంశీ "అయితే ఇంతసేపూ తేడా తేడా అని..." అంటూ లేచి కూర్చున్నాడు. అందుకే నేను మా ఊరి సంగతి ఎత్తాల్సి వచ్చింది.

మాది కోనసీమ. ధవళేశ్వరం లాకుల పేరు వినే ఉంటావు. కాలువలో ఒకవైపు నీటిమట్టం ఎక్కువ, ఇంకోవైపు తక్కువ. పడవ దాటాలంటే మధ్యలో ఒక గది, దానికి రెండువైపులా తలుపులు. మొదటి తలుపు తెరిస్తే పడవ గదిలోకి వస్తుంది. ఆ తలుపు మూసి, గదిలో నీటిమట్టం సరిచేసి, అప్పుడు రెండో తలుపు తెరుస్తారు. రెండు తలుపులూ ఒకేసారి తెరిచి ఉండకూడదు. ఉంటే కాలువ నీళ్లన్నీ అటునుంచి ఇటు దూకేస్తాయి, లాకు ఉండి లేనట్టే.

ఫ్లిప్ ఫ్లాప్ అలాంటి లాకు. మొదటి లాచ్‌ని మాస్టర్ అంటారు, రెండోదాన్ని స్లేవ్ అంటారు. ఒకే క్లాక్‌ని మాస్టర్‌కి తలకిందులుగా, స్లేవ్‌కి నేరుగా ఇస్తారు. క్లాక్ 0లో ఉన్నప్పుడు మాస్టర్ తెరిచి ఉంటుంది, డి ఎటు మారితే మాస్టర్ అటు మారుతుంది. కానీ స్లేవ్ మూసి ఉంది కాబట్టి బయట క్యూ కదలదు. క్లాక్ 1కి లేచిందనుకో, మాస్టర్ మూసుకుంటుంది, సరిగ్గా ఆ క్షణంలో డి ఎంత ఉందో అది గదిలో ఉండిపోతుంది. స్లేవ్ తెరుచుకుని ఆ విలువని బయటికి చూపిస్తుంది. ఇక క్లాక్ 1లో ఉన్నంతసేపూ డి ఎన్ని వేషాలు వేసినా మాస్టర్ తలుపు మూసే ఉంది. క్లాక్ మళ్లీ 0కి పడితే స్లేవ్ మూసుకుంటుంది, పాత విలువని పట్టుకునే ఉంటుంది.

ఏ సమయంలో చూసినా డి నుంచి క్యూ దాకా తెరిచిన దారి లేదు. లాచ్‌లో అలాంటి దారి ఎనేబుల్ ఉన్నంతసేపూ ఉంటుంది. తేడా రాయమంటే నేనైతే ఈ రెండు వాక్యాలే ముందు రాస్తాను.

"రెండు లాచ్‌లు కాబట్టి రెట్టింపు గేట్లు" అన్నాడు వంశీ. అవును, లాచ్ చవక, చిన్నది. అది కూడా రాయొచ్చు.

టైమింగ్ డయాగ్రమ్ ఇస్తే రెండిటికీ క్యూ ఎలా గీయాలి?

ఇది ఊరికే చెబితే రాదు, ఒకటి గీద్దాం అని రఫ్ నోట్‌బుక్ తీశాం. క్లాక్ 100 నానోసెకన్లకి ఒకసారి లేస్తుంది, 50 నానోసెకన్లు పైన ఉండి పడిపోతుంది. అంటే 0 నుంచి 50, 100 నుంచి 150, 200 నుంచి 250 వరకు క్లాక్ 1. డి మొదట 0, తర్వాత 20 దగ్గర 1, 40 దగ్గర 0, 70 దగ్గర 1, 120 దగ్గర 0, 170 దగ్గర 1 అయి అలాగే ఉండిపోతుంది. క్యూ 0తో మొదలైందనుకున్నాం. గేట్ల ఆలస్యాన్ని వదిలేశాం.

ముందు లాచ్. 0 నుంచి 50 వరకు షట్టర్ ఎత్తి ఉంది కాబట్టి డిని అలాగే దింపేయడమే. 20 దగ్గర క్యూ లేస్తుంది, 40 దగ్గర పడుతుంది. 50 దగ్గర షట్టర్ దిగింది, అప్పటికి క్యూ 0. 70 దగ్గర డి లేచినా క్యూకి తెలియదు. 100 దగ్గర షట్టర్ ఎత్తగానే బయట డి 1గా కాచుకుని ఉంది కాబట్టి క్యూ 1 అవుతుంది. 120 దగ్గర డి పడింది, షట్టర్ ఇంకా ఎత్తే ఉంది, కాబట్టి క్యూ కూడా పడుతుంది. 150 తర్వాత 0గా నిలిచి, 200 దగ్గర మళ్లీ 1.

ఇప్పుడు ఫ్లిప్ ఫ్లాప్. ఇక్కడ నోట్‌బుక్ మీద స్కేలు నిలువుగా పెట్టి 0, 100, 200 దగ్గర మూడు గీతలు గీయి. ఆ మూడు చోట్ల తప్ప డి వైపు చూడకు. 0 దగ్గర డి 0, క్యూ 0. 100 దగ్గర డి 1, క్యూ 1. 200 దగ్గర డి 1, క్యూ 1గానే ఉంటుంది. అయిపోయింది. లాచ్‌లో క్యూ ఐదుసార్లు మారింది, ఫ్లిప్ ఫ్లాప్‌లో ఒక్కసారే మారింది.

వంశీ మొదటిసారి గీసినప్పుడు 120 దగ్గర ఫ్లిప్ ఫ్లాప్ క్యూని కూడా కింద పడేశాడు. "క్లాక్ 1లోనే ఉంది కదా" అన్నాడు. మిడ్‌లో పోయిన మార్కులు అక్కడివే.

ల్యాబ్‌లో మనం చేసిన ఆ డివైడ్ బై టూ ఎందుకు పనిచేయలేదు?

ఈ ప్రశ్న వంశీ అడిగేసరికి ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. ఆ రోజు 7474 ఐసీలు అయిపోయాయి. డబ్బాలో 7475 దొరికింది. "దీనికీ డి ఉంది, క్యూ ఉంది, క్యూ బార్ ఉంది, ఇంకేం కావాలి" అని దాని పిన్ బొమ్మ చూసి జాగ్రత్తగానే కలిపాం. ఐదో కాలు సప్లై, పన్నెండో కాలు గ్రౌండ్ అనే తిరకాసు కూడా గమనించాం. గమనించనిది ఒక్కటే. 7474లో ఉన్నవి ఎడ్జ్ ట్రిగ్గర్డ్ ఫ్లిప్ ఫ్లాప్‌లు, 7475లో ఉన్నవి లాచ్‌లు.

డివైడ్ బై టూ అంటే క్యూకి తలకిందులుగా ఉండే క్యూ బార్‌ని తీసుకొచ్చి డికి కలపడం. ప్రతి క్లాక్‌కి క్యూ ఒక్కసారి తిరగబడాలి. ఫ్లిప్ ఫ్లాప్‌లో ఏమవుతుందంటే, క్లాక్ లేవగానే క్యూ 0 నుంచి 1 అవుతుంది, కాస్త ఆలస్యంగా క్యూ బార్ 0 అయి డి దగ్గరికి వస్తుంది. అప్పటికే మాస్టర్ తలుపు మూసేశారు. ఆ 0 వచ్చే క్లాక్ దాకా వాకిట్లో నిలబడాల్సిందే.

లాచ్‌లో తలుపు తెరిచే ఉంది. క్యూ 1 అయింది, క్యూ బార్ 0 అయి డికి వచ్చింది, వెంటనే లోపలికి దూరింది, క్యూ 0 అయింది, క్యూ బార్ 1 అయి మళ్లీ వచ్చింది. తన తోకని తనే తరుముతున్న కుక్కలా తిరుగుతూనే ఉంటుంది. లెక్క కోసం ఒక్కో చుట్టుకి 20 నానోసెకన్లు అనుకో. ఎనేబుల్ 500 నానోసెకన్లు పైన ఉంటే 25 సార్లు తిరగబడుతుంది, బేసి కాబట్టి చివరికి క్యూ మారినట్టు కనిపిస్తుంది. 480 ఉంటే 24 సార్లు, ఏమీ జరగనట్టు కనిపిస్తుంది. మనం వేలితో బటన్ నొక్కాం. సెకనులో పదో వంతు నొక్కినా 50 లక్షల చుట్లు. ఐసీ వేడెక్కితే చుట్టు సమయం కాస్త మారుతుంది, మొత్తం లెక్క తప్పుతుంది. వేలు తీసినప్పుడు ఏది ఆగితే అది.

"అందుకేనా నొక్కినప్పుడు ఎల్‌ఈడీ మసకగా వెలిగింది?" అన్నాడు వంశీ. అందుకే. అంత వేగంగా ఆరి వెలుగుతుంటే కంటికి సగం వెలుగులా ఉంటుంది. మనం రెసిస్టర్ మార్చి మార్చి గంట పోగొట్టుకున్నాం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 7474 పెట్టినా, క్లాక్‌కి మామూలు బటన్ ఇస్తే ఒక్క నొక్కుకి రెండు మూడుసార్లు మారొచ్చు. అది ఫ్లిప్ ఫ్లాప్ తప్పు కాదు. బటన్ లోపలి రేకు తగిలి ఎగిరి మళ్లీ తగులుతుంది, ప్రతి తగులుకీ ఒక అంచు. ట్రైనర్ కిట్ మీద పల్సర్ అని వేరే బటన్ ఇచ్చేది అందుకే.

రేస్ అరౌండ్ కండిషన్ అంటే ఇదేనా?

ఇదే. పుస్తకం దాన్ని జేకే ఫ్లిప్ ఫ్లాప్ దగ్గర చెబుతుంది. జే, కే రెండూ 1 ఇస్తే క్యూ తిరగబడాలి. లెవెల్ మీద పనిచేసే జేకేలో క్లాక్ పైన ఉన్నంతసేపూ తిరగబడుతూనే ఉంటుంది. క్లాక్ పైన ఉండే సమయం గేట్ల ఆలస్యం కంటే చిన్నగా ఉండాలి అని ఒక పరిష్కారం రాస్తారు. కాగితం మీద బాగుంటుంది కానీ అంత సన్నని పల్స్‌ని నమ్ముకుని ఎవరూ సర్క్యూట్ కట్టరు. మాస్టర్ స్లేవ్ లేదా ఎడ్జ్ ట్రిగ్గరింగ్ అని రాయి.

ఇక్కడ వంశీ "ఆ రెండూ ఒకటే కదా" అన్నాడు. డి విషయంలో ఒకటే. పాత రకం మాస్టర్ స్లేవ్ జేకేలో మాత్రం కాదు. దాంట్లో మాస్టర్ ఎస్ఆర్ లాచ్, క్లాక్ పైన ఉన్నంతసేపూ తెరిచి ఉంటుంది. క్యూ 0గా ఉండగా జే మీద మధ్యలో ఒక్క చిన్న 1 మెరిసి పోయినా మాస్టర్ దాన్ని పట్టేసుకుంటుంది. తర్వాత జే 0 అయినా వదలదు, ఎందుకంటే ఎస్ఆర్ లాచ్‌కి 0, 0 అంటే ఉన్నదే ఉంచు అని అర్థం. క్లాక్ పడగానే ఆ దొంగ 1 బయటికి వస్తుంది. దీన్నే వన్స్ క్యాచింగ్ అంటారు. డి మాస్టర్ అయితే మెరుపు పోగానే దాని వెంటే 0కి తిరిగొచ్చేది.

లాచ్‌తో ఇన్ని తిప్పలుంటే దాన్ని ఎందుకు వాడతారు?

ఈ సెమిస్టర్‌లో కాదు గానీ మైక్రోప్రాసెసర్స్‌లో 8085 అనే ప్రాసెసర్ వస్తుంది, అక్కడ సమాధానం ఉంది. 8085లో కింది ఎనిమిది అడ్రస్ గీతలూ డేటా గీతలూ ఒకటే. ముందు కాసేపు అడ్రస్ ఇస్తుంది, తర్వాత అవే గీతల మీద డేటా నడుస్తుంది. అడ్రస్ పోకముందే ఎవరో పట్టుకోవాలి. దానికి 74373 అనే ఎనిమిది లాచ్‌ల ఐసీ పెట్టి, ప్రాసెసర్ ఇచ్చే ఏఎల్‌ఈ, అంటే అడ్రస్ లాచ్ ఎనేబుల్ సిగ్నల్‌ని ఎనేబుల్‌కి ఇస్తారు.

ఏఎల్‌ఈ లేవగానే షట్టర్ ఎత్తినట్టే. అడ్రస్ స్థిరపడుతున్న కొద్దీ నేరుగా మెమరీ దాకా వెళ్లిపోతుంది, మెమరీ వెతుకులాట మొదలుపెడుతుంది. ఏఎల్‌ఈ పడేసరికి అడ్రస్ స్థిరంగా ఉంటుంది, అది నిలిచిపోతుంది. లాచ్ వదులుతూనే ఉండటం ఇక్కడ తప్పు కాదు, అదే కావాలి.

దీని పక్కనే 74374 ఉంటుంది. కాళ్ల అమరిక అంతా ఒకటే. పదకొండో కాలు 373లో లాచ్ ఎనేబుల్, 374లో క్లాక్. పొరపాటున 374 పెడితే ఏఎల్‌ఈ లేచే క్షణాన్నే చూస్తుంది, అప్పటికి అడ్రస్ ఇంకా కుదురుకోకపోవచ్చు. ఏఎల్‌ఈని తలకిందులు చేసి ఇస్తే విలువ సరిగ్గానే వస్తుంది, కానీ ఏఎల్‌ఈ పడేదాకా మెమరీకి కొత్త అడ్రస్ చేరదు. మెమరీకి దొరికే సమయం అంత తగ్గిపోతుంది.

సెటప్ టైమ్, హోల్డ్ టైమ్ ఎక్కడి నుంచి వచ్చాయి?

లాకు తలుపు మూయడానికి సమయం పడుతుంది. మూస్తుండగా పడవ సగం లోపల, సగం బయట ఉంటే ఏమవుతుంది? ఇదీ అంతే. క్లాక్ లేచే ముందు కొంతసేపు డి కదలకుండా ఉండాలి, అది సెటప్. లేచిన తర్వాత కూడా కొంతసేపు ఉండాలి, అది హోల్డ్. పాత 7474కి డేటాషీట్‌లో సెటప్ 20, హోల్డ్ 5 నానోసెకన్లు అడుగుతారు.

ఆ మధ్యలో డి మారితే మాస్టర్ 0 వైపూ వాలదు, 1 వైపూ వాలదు, కాసేపు మధ్యలో వేలాడుతుంది. దాన్ని మెటాస్టెబిలిటీ అంటారు. "లాచ్‌కి ఇవి ఉండవా?" అన్నాడు వంశీ. ఉంటాయి, కానీ షట్టర్ దించే క్షణానికి. ఎత్తే క్షణానికి కాదు. లాచ్ విలువని పట్టుకునేది దించేటప్పుడే కదా.

వెరిలాగ్‌లో నేను అడగకుండానే లాచ్ వచ్చిందని ఎందుకు అంటుంది?

ల్యాబ్ వైవా కోసం అడిగాడు. రెండు ముక్కలు పక్కపక్కన రాసి చూపించాను.

```
always @(*)
  if (en) q = d;
```

```
always @(posedge clk)
  if (en) q <= d;
```

మొదటిదాంట్లో en 1 అయితే ఏం చేయాలో చెప్పావు, 0 అయితే చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి పాత విలువ గుర్తుంచుకోవాలి, గుర్తుంచుకోవాలంటే లాచ్ కావాలి. నువ్వు మామూలు గేట్ల సర్క్యూట్ అనుకుని రాసి else మర్చిపోతే ఇలాగే లాచ్ వచ్చి కూర్చుంటుంది. రెండోదాంట్లో కూడా else లేదు, కానీ అక్కడ తప్పేం లేదు. గుర్తుంచుకునేది ఫ్లిప్ ఫ్లాప్ అని posedge ముందే చెప్పేసింది.

బొమ్మలో గుర్తుపట్టడం ఎలా?

క్లాక్ కాలు దగ్గర డబ్బా లోపల చిన్న త్రిభుజం ఉంటే ఎడ్జ్, అంటే ఫ్లిప్ ఫ్లాప్. త్రిభుజం లేకుండా ఈఎన్ అనో జీ అనో రాసి ఉంటే లాచ్. త్రిభుజం బయట సున్నా ఉంటే పడే అంచు. కొన్ని పాత పుస్తకాల్లో లాచ్‌ని కూడా ఫ్లిప్ ఫ్లాప్ అనే పిలుస్తారు, కాబట్టి పేరుని నమ్మకు, కాలుని చూడు.

చివరికి పరీక్షలో ఏం వచ్చింది?

టైమింగ్ డయాగ్రమే వచ్చింది, డి లాచ్‌కీ డి ఫ్లిప్ ఫ్లాప్‌కీ రెండిటికీ గీయమని. బయటికి రాగానే వంశీ స్కేలు చూపించి, "నిలువు గీతలు గీశాను మామా" అన్నాడు. క్లాక్ 0లో ఉండగా మొదలైన బొమ్మ అది. అంటే ఎనేబుల్ మొదటిసారి లేచేదాకా క్యూ ఎంతో ప్రశ్నలో ఇవ్వలేదు. వాడు క్యూ 0 అనుకుంటున్నానని పక్కన ఒక ముక్క రాసి గీశాడట. నేను రాయడం మర్చిపోయాను.